రాగి మాల్ట్ పోస్టులో ఏ మాట రాయొచ్చు, ఏ మాట రాయకూడదు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఇంట్లోనే రాగి మాల్ట్ చేసి అమ్ముతున్నాను. ఇన్‌స్టాలోనూ, అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపుల్లోనూ ఇలా పెట్టాను: "షుగర్‌ని కంట్రోల్ చేసే హెల్త్ డ్రింక్. చక్కెర లేదు, బెల్లం మాత్రమే. 100% నాచురల్. డాక్టర్లు సిఫార్సు చేసేది. ఆరు నెలల పాప నుంచి తాతయ్య దాకా అందరికీ." ఒకాయన ఇది చట్టవిరుద్ధం, కంప్లైంట్ ఇస్తానన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. రాగి మంచిదన్నది నిజమే కదా? కిలోలో 550 గ్రాములు మొలకల రాగి పిండి, 250 బెల్లం పొడి, 100 బాదం, 80 పుట్నాల పప్పు, 20 యాలకులు, శొంఠి వేస్తాను. ఏం తీసెయ్యాలి, ఏం ఉంచొచ్చు?

జవాబు:

ముందు ఆ పోస్టు తీసెయ్యండమ్మా. తీసేముందు ఒక స్క్రీన్‌షాట్ మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఎవరైనా అడిగితే ఏం రాశారో, ఏ రోజు తీసేశారో చెప్పగలగాలి. ఇక మీ పోస్టులో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట షుగర్ గురించినది కాదు, "ఆరు నెలల పాప నుంచి" అన్నది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆరు నెలలు దాటిన దగ్గర్నుంచి రెండేళ్ళ వరకు, తల్లిపాలకు తోడుగా పెట్టమని అమ్మే ఏ ఆహారాన్నైనా చట్టం శిశు ఆహారం కింద లెక్కేస్తుంది. 1992లో వచ్చి 2003లో సవరించిన శిశు ఆహార చట్టం ప్రకారం అలాంటి దానికి ప్రకటన ఇవ్వడమే నిషేధం. మాట మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్న తేడా లేదు. "డాక్టర్‌ని అడిగి పెట్టండి" అని కింద రాసినా లాభం లేదు. జైలు శిక్ష దాకా వెళ్ళే నేరమది. మన ఇళ్ళల్లో పాపకి రాగి జావ పట్టడం మామూలే కాబట్టి ఇందులో తప్పేముందని అనిపిస్తుంది. ఇంట్లో పట్టడం వేరు, అమ్మకానికి పెట్టి పాపకి పట్టమని చెప్పడం వేరు. ఆ వాక్యంతో పాటు, పాప నోట్లో చెంచా పెడుతున్న ఫోటోలుంటే అవి కూడా తీసెయ్యండి. "చిన్నపిల్లలకి పెట్టొచ్చా?" అని ఎవరైనా కామెంట్‌లో అడిగితే, "రెండేళ్ళలోపు పిల్లల కోసం మేము అమ్మడం లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఆపండి.

ఇక షుగర్ సంగతి. నేను బెంగళూరులో పదిహేనేళ్ళుగా తినుబండారాల లేబుళ్ళు, ప్రకటనలు చూసే పనిలో ఉన్నాను. మొదట్లో నేను రాసిన ఒక మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒక చిరుధాన్యాల పొడికి "షుగర్ ఉన్నవారు నిశ్చింతగా తాగవచ్చు" అని తెలుగులో రాశాను. "తగ్గిస్తుంది" అనలేదు కదా, తప్పేమీ లేదనుకున్నాను. కొన్ని వారాలకు మారతహళ్ళి నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేశారు. రోజూ మూడు పూటలా ఆ పొడి తాగుతూ మాత్రలు మానేశారట. కళ్ళు తిరిగి పడిపోతే ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన కోప్పడలేదు. "మీరు నిశ్చింతగా అన్నారు కదమ్మా" అన్నారు, అంతే. ఆ మాట ఆమోదించిన కంపెనీదీ తప్పే, రాసిన నాదీ తప్పే. చట్టం ఈ విషయంలో ఎందుకంత గట్టిగా ఉందో నాకు ఆ రోజు అర్థమైంది.

మన భాషలో ఒక చిక్కు ఉంది. "షుగర్" అంటే మనకి చక్కెర కంటే ముందు జబ్బే గుర్తొస్తుంది. కాబట్టి "షుగర్‌కి మంచిది", "షుగర్ కంట్రోల్", "షుగర్ వాళ్ళ కోసం" అన్న మూడూ తెలుగు పాఠకుడికి ఒకే అర్థమిస్తాయి, ఇది డయాబెటిస్‌కి పనిచేస్తుందని. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకటనల నిబంధనలు 2018లో వచ్చాయి. వాటి ప్రకారం ఒక ఆహారం జబ్బును నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో చెప్పకూడదు, అలా అనిపించేలా సూచించకూడదు కూడా. ఆ "సూచించడం" అన్న దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. గ్లూకోమీటర్ బొమ్మ, #diabetesreversal లాంటి హ్యాష్‌ట్యాగ్, "షుగర్ కేర్" అన్న పేరు, ఇవన్నీ మాట అనకుండా మాట చెప్పడమే. "రక్తం పడుతుంది" అన్నా అంతే, అది రక్తహీనత తగ్గుతుందని చెప్పడం. "కీళ్ళ నొప్పులకి", "గ్యాస్‌కి", "బీపీకి" అన్నవన్నీ ఈ వరసలోవే.

ఇంకో చట్టం కూడా తెలుసుకోండి. 1954 నాటి మందులు, మాయ వైద్యాల ప్రకటనల చట్టంలో ఒక జబ్బుల పట్టిక ఉంది, అందులో డయాబెటిస్ కూడా ఉంది. జబ్బు తగ్గించడానికి ఉద్దేశించిన ఏ పదార్థాన్నైనా ఆ చట్టం మందుగానే చూస్తుంది. "మాది ఆహారమే కదా" అన్న వాదన ఇక్కడ నిలవడం కష్టం. షుగర్ తగ్గుతుందని మీరే రాశాక, దాన్ని మందు లెక్కన అమ్ముతున్నది మీరేనని అవతలివాళ్ళు అంటారు.

మరి రాగి మంచిది కాదా అంటే, మంచిదే. మీరు చెప్పాల్సింది జబ్బు గురించి కాదు, డబ్బాలో ఏముందో చెప్పాలి. నిబంధనల్లో అందుకు దారి ఉంది. ఒక పోషకం ఇంత మోతాదు దాటితే "ఉంది" అనొచ్చు, ఇంకా ఎక్కువ ఉంటే "సమృద్ధిగా ఉంది" అనొచ్చు. మీ మాల్ట్‌తోనే లెక్క వేసి చూపిస్తాను.

కాల్షియం తీసుకుందాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెద్దవాళ్ళకి రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. పొడి పదార్థం 100 గ్రాముల్లో రోజు అవసరంలో 15 శాతం ఉంటే "కాల్షియం ఉంది" అనొచ్చు, 30 శాతం ఉంటే "సమృద్ధి" అనొచ్చు. అంటే గీతలు 150 దగ్గరా, 300 దగ్గరా ఉన్నాయి. రాగి పిండి ఒక్కటే అమ్మితే 364 కాబట్టి పెద్ద మాటే వాడొచ్చు. కానీ మీరు అమ్మేది ఒట్టి పిండి కాదు. 100 గ్రాముల మాల్ట్‌లో రాగి 55 గ్రాములే, దాన్నుంచి వచ్చేది సుమారు 200. బాదం నుంచి ఓ 23, బెల్లం నుంచి ఓ 25, పుట్నాల నుంచి కొద్దిగా. మొత్తం 250కి అటూ ఇటూ. చిన్న గీత హాయిగా దాటింది, పెద్ద గీత దాటలేదు. అందుకని మీరు "కాల్షియం ఉన్న రాగి మాల్ట్" అనొచ్చు, "కాల్షియం సమృద్ధిగా ఉన్న రాగి మాల్ట్" అనకూడదు. రాగి గురించి నిజమైన మాట మీ డబ్బా గురించి నిజం కాకపోవచ్చు. ఈ రంగంలో నేను చూసిన తప్పుల్లో సగం ఇదే, ముడిసరుకు గొప్పని తెచ్చి కలిపిన పొడికి అంటించడం.

అయితే ఈ 250 కూడా కాగితం మీద లెక్కే. మీరు మొలకలు ఆరబెట్టి మర పట్టించాక పల్చటి గుడ్డలో జల్లిస్తారా? చాలామంది జల్లిస్తారు, జావ నున్నగా వస్తుందని. రాగి గింజలో కాల్షియమూ పీచూ ఎక్కువగా ఉండేది పైపొట్టులోనే. జల్లెడలో మిగిలిన పొట్టు పారేస్తే వాటిలో చాలా భాగం దానితోనే పోతుంది. అప్పుడు 250 కాస్తా 150 గీతకి దగ్గరగా దిగొచ్చు. అందుకే పట్టికలో అంకె చూసి పోస్టు రాయకండి. అమ్మే డబ్బాలోంచి తీసిన పొడినే, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ఆమోదం ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. బెంగళూరులో అలాంటివి చాలా ఉన్నాయి. మీకు ముఖ్యంగా కావలసినవి శక్తి, ప్రోటీన్, పిండి పదార్థాలు, మొత్తం చక్కెరలు, కలిపిన చక్కెరలు, కొవ్వు, సోడియం, వాటితో పాటు పీచు, కాల్షియం. ఎవరైనా మీ మాటకి ఆధారం అడిగితే చూపించేది ఆ రిపోర్టే. పాళ్ళు మార్చినా, జల్లెడ మార్చినా, రాగులు కొనే చోటు మార్చినా మళ్ళీ చేయించాలి.

పీచు విషయంలో మీ పరిస్థితి మెరుగ్గా ఉండొచ్చు. 100 గ్రాముల్లో 3 గ్రాములుంటే "పీచు ఉంది", 6 గ్రాములుంటే "పీచు ఎక్కువ" అనొచ్చు. జల్లించని పిండితో మీ పాళ్ళకి 8 గ్రాముల పైనే రావాలి. రిపోర్టులో 6 దాటితే ధైర్యంగా రాయండి.

ఒక పోషకం "ఉంది" గీత దాటాక, అది శరీరంలో చేసే పని కూడా చెప్పొచ్చు. "ఎముకలు, పళ్ళు గట్టిగా ఉండడానికి కాల్షియం తోడ్పడుతుంది" అనడం సరైనది. "మా మాల్ట్ తాగితే ఎముకలు గట్టిపడతాయి" అనడం సరైనది కాదు. రెండు వాక్యాల్లో కర్త మారింది చూడండి. మొదటిదాంట్లో పని చేసేది పోషకం, అది అందరూ ఒప్పుకున్న విషయం. రెండోదాంట్లో పని చేసేది మీ సరుకు, దానికి మీ దగ్గర రుజువు లేదు. ఏ వాక్యం రాసినా ముందు కర్త ఎవరో చూసుకోండి.

మోతాదు కూడా చెప్పాలి. ఒక గ్లాసుకి మీవాళ్ళు వేసేది రెండు పెద్ద చెంచాలు, ఓ 20 గ్రాములు అనుకుందాం. అందులో వచ్చేది సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే రోజు అవసరంలో 5 శాతం. "రోజుకో గ్లాసుతో కాల్షియం లోటు తీరుతుంది" అంటే అది అబద్ధమే. పాలతో కలిపిన గ్లాసు లెక్క వేసి ఎక్కువ చూపించేవాళ్ళున్నారు. అందులో ఎక్కువ భాగం పాలది. పాలతో కలిపితే ఇంత, నీళ్ళతో అయితే ఇంత అని విడిగా రాస్తే తప్పులేదు.

ఇప్పుడు బెల్లం. "చక్కెర లేదు, బెల్లం మాత్రమే" అన్నది మన అమ్మమ్మల భాషలో నిజం, నిబంధనల భాషలో తప్పు. బెల్లం, తేనె, గ్లూకోజ్ సిరప్ అన్నీ కలిపిన చక్కెరల కిందికే వస్తాయి. మీ మాల్ట్‌లో నాలుగో వంతు బెల్లం, అంటే 100 గ్రాముల్లో 20 గ్రాములకు పైనే చక్కెర. "చక్కెర తక్కువ" అనాలంటేనే 100 గ్రాముల్లో 5 గ్రాములు దాటకూడదు. బెల్లం తీసేసి ఖర్జూరం ముద్ద వేసినా "చక్కెర కలపలేదు" అనడానికి వీల్లేదు, ఎందుకంటే తీపి కోసం చక్కెర బదులు వేసినవి కూడా లెక్కలోకొస్తాయి. అసలు తీపే వేయని రకం ఒకటి చేస్తే దానికి ఆ మాట వాడొచ్చు, అప్పుడు "సహజంగా ఉండే చక్కెరలు ఉన్నాయి" అని పక్కనే రాయాలి. మీ ఇప్పటి మాల్ట్‌కి మాత్రం ఉన్నదున్నట్టు "బెల్లంతో తీపి" అనండి. ఆ మాటలో రుచీ ఉంది, షుగర్ ఉన్న మనిషికి కావలసిన హెచ్చరికా ఉంది. 20 గ్రాముల పొడిలో దాదాపు ఒక చిన్న చెంచా చక్కెర ఉన్నట్టే. అలాంటి దాన్ని షుగర్ కంట్రోల్ అని అమ్మితే ఎవరికి చెడు చేస్తున్నామో ఆలోచించండి.

"హెల్త్ డ్రింక్" తీసెయ్యండి. ఆహార భద్రతా చట్టంలో అలాంటి వర్గమే లేదని, ధాన్యం, మాల్ట్, పాల పొడులను ఆ పేరు కింద పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు చెప్పింది. "100%" కూడా వాడొద్దని 2025 మేలో తయారీదారులకు సూచించింది, ఆ అంకె జనాన్ని తప్పుదారి పట్టిస్తుందని. "డాక్టర్లు సిఫార్సు చేసేది" అన్నది నిబంధనలు నేరుగా కాదన్న మాట. మీకు తెలిసిన డాక్టరు గారు నిజంగానే బాగుందన్నా రాయకూడదు.

"చలవ చేస్తుంది" రాయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు, మీరూ అడుగుతారేమో. అది జబ్బు పేరు కాదు, కానీ శరీరం మీద ప్రభావం చెప్పే మాట, దానికి కొలత లేదు. నేనైతే దాన్ని వాడను. "ఎండాకాలం మజ్జిగలో కలుపుకుని చల్లగా తాగండి" అంటాను. చెప్పాల్సింది అందులోనే అందుతుంది.

ఇక మీకు ఎక్కువ ఇబ్బంది తెచ్చేవి మీరు రాయని మాటలు. "మీ మాల్ట్ వాడాక మా ఆయనకి షుగర్ 240 నుంచి 130కి వచ్చింది" అని ఒకావిడ గ్రూపులో రాస్తారు. సంతోషంతో మీరు దాన్ని స్టోరీలో పెట్టేస్తారు. పెట్టిన క్షణం నుంచి అది మీ ప్రకటన. మాట ఆవిడదే అయినా ప్రచారం మీది, బాధ్యతా మీదే. ఆవిడ రాసింది అబద్ధమని నేననడం లేదు. ఆయన మాత్రలు మార్చారేమో, అన్నం తగ్గించారేమో, నడక మొదలుపెట్టారేమో మనకి తెలియదు. దానికి మీ జవాబు ఇలా ఉండాలి: "ఆయన ఆరోగ్యం బాగుపడినందుకు చాలా సంతోషమండీ. మాది మందు కాదు, ఆహారం. బెల్లం కూడా ఉంది. మాత్రల విషయం డాక్టర్ గారినే అడగండి." దాన్ని షేర్ చేయకండి, హైలైట్స్‌లో దాచకండి. రుచి గురించి, ప్యాకింగ్ గురించి, పిల్లలు గ్లాసు ఖాళీ చేశారని రాసిన మెసేజ్‌లైతే, వాళ్ళని అడిగి పెట్టుకోండి.

కింద చిన్న అక్షరాల్లో "ఇది మందు కాదు" అని రాస్తే పైన ఏమైనా రాయొచ్చు అనుకునేవాళ్ళున్నారు. అది పనిచేయదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గమనిక అనేది పైమాటని వివరించొచ్చు, తప్పుదారి పట్టించే మాటని సరిచేయలేదు. పైమాట ఏ భాషలో ఉంటే గమనిక కూడా ఆ భాషలోనే, అదే అక్షరాల తీరులో ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పుకోవడం కుదరదు. మీరు డబ్బా ఉచితంగా పంపి ఎవరితోనైనా రీల్ చేయిస్తే, అది ప్రకటన అని వాళ్ళు స్పష్టంగా చెప్పాలి. వాళ్ళ నోటి నుంచి "షుగర్" మాట వస్తే వాళ్ళకీ మీకూ ఇద్దరికీ చిక్కే. ఆహార భద్రతా చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది. చిన్న వ్యాపారానికి అంత వేస్తారని కాదు, ఆ పరిధిలోకి మీరూ వస్తారని చెబుతున్నాను.

ల్యాబ్ రిపోర్టు నేను అనుకున్నట్టే వస్తే మీ పోస్టు ఇలా రాయండి:

"మొలకెత్తించిన రాగులు, బాదం, పుట్నాల పప్పు, యాలకులు, శొంఠి, బెల్లంతో తీపి. మా వంటింట్లో చిన్న చిన్న విడతలుగా చేసిన రాగి మాల్ట్. ఇందులో కాల్షియం ఉంది, పీచు ఎక్కువ. ఎముకలు, పళ్ళు గట్టిగా ఉండడానికి కాల్షియం తోడ్పడుతుంది. 100 గ్రాముల్లో కాల్షియం 250 మిల్లీగ్రాములు, పీచు 8 గ్రాములు, చక్కెరలు 22 గ్రాములు. రోజుకు ఒకసారి 20 గ్రాములు పాలలోగానీ నీళ్ళలోగానీ ఉడికించి తాగండి. 20 గ్రాముల పొడి నుంచి వచ్చే కాల్షియం పెద్దవాళ్ళ రోజు అవసరంలో సుమారు 5 శాతం. బెల్లం ఉంది కాబట్టి షుగర్ ఉన్నవారు తమ డాక్టర్‌ని అడిగి తీసుకోండి. రెండేళ్ళలోపు పిల్లల కోసం కాదు."

అంకెలు మీ రిపోర్టులోవే పెట్టండి, నావి కాదు. పక్కన మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. ఇందులో "షుగర్" మాట ఒక్కసారే వచ్చింది, అదీ ఆపమని చెప్పడానికి. చక్కెర అంకె దాచకుండా రాస్తే అమ్మకాలు పడిపోతాయని మీకు భయం వేయొచ్చు. కొందరు కొనరు, నిజమే. ఆ కొనకుండా ఆగేవాళ్ళలో చాలామంది అసలు తాగకూడని వాళ్ళే.

రిపోర్టు వచ్చేదాకా కాల్షియం, పీచు వాక్యాలు, అంకెలు తీసేసి మిగతాది పెట్టుకోండి. కంప్లైంట్ ఇస్తానన్న ఆయనకి "పోస్టు తీసేశాను, సరిచేసి పెడతాను" అని ఒక మెసేజ్ పంపండి, వాదించకండి. ఒకవేళ నోటీసు లాంటిది వస్తే గడువులోపే జవాబివ్వండి, తీసిన తేదీ, ల్యాబ్ రిపోర్టు జతచేయండి. ఈ సాయంత్రమే కూర్చుని పాత రీల్స్, స్టోరీ హైలైట్స్, వాట్సాప్ క్యాటలాగ్, డబ్బా మీద స్టిక్కర్ అన్నీ ఒకసారి చూడండి. పోస్టు మార్చి స్టిక్కర్ మర్చిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను.